ఫోన్‌లో చెప్పిన మాట, లాగ్‌లో కనిపించిన లైన్: అవతలివాళ్లు ఏ బ్రౌజర్‌లో ఉన్నారో తేల్చుకోవడం ఎలా

మీ వెబ్‌సైట్‌లో అప్లికేషన్ నింపుతున్న ఒకమ్మాయి ఫోన్ చేసి "సార్, నెక్స్ట్ బటన్ కనిపించట్లేదు" అంటుంది. మీరు ఏం చెప్పాలన్నా ముందు ఆమె ఎక్కడ కూర్చుని, ఏ మెషిన్‌లో, ఏ బ్రౌజర్‌లో ఆ పేజీ చూస్తోందో తెలియాలి. అది తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆమె మాటల్ని బట్టి అంచనా వేయడం. రెండోది, పేజీ అడిగేటప్పుడు ఆమె బ్రౌజర్ తన గురించి మీ సర్వర్‌కు పంపే చిన్న వివరాలు, అంటే హెడర్లు చదవడం. సర్వర్ తనకు వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ ఒక్కో లైన్‌గా రాసుకునే లాగ్‌లో అవి దొరుకుతాయి. ఈ రెండూ ఒకే సంగతిని రెండు రకాలుగా చెబుతాయని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నిజానికి అవి చెప్పేవి వేర్వేరు సంగతులు. మాటలు ఆమె కళ్లకు కనిపించేదాన్ని చెబుతాయి. హెడర్ ఆ బ్రౌజర్ తన గురించి తాను చెప్పుకునేదాన్ని చెబుతుంది. ఒకదాని చోట ఇంకొకటి పెట్టుకుంటే ఏమవుతుందో, రెండింటినీ విడివిడిగా ఉంచుకుని ఎలా వాడాలో నా హెల్ప్‌డెస్క్ పనిలో నేర్చుకున్న పద్ధతిలో చెబుతాను.

1. ముందు మాటలు వినండి, కానీ పేర్లు అడగకండి

"మీరు ఏ బ్రౌజర్ వాడుతున్నారు?" అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు "గూగుల్". దాని అర్థం క్రోమ్ కావచ్చు, ఫోన్‌లో ఉండే గూగుల్ యాప్ కావచ్చు, లేదా గూగుల్‌లో వెతికి మీ సైట్‌కు వచ్చామని కావచ్చు. ఆ జవాబును "క్రోమ్" అని రాసుకున్నారంటే అప్పుడే ఒక తప్పు చేసినట్టు. ఆమె క్రోమ్ అని చెప్పలేదు, మీరు అనుకున్నారు.

అందుకని పేరు అడగకుండా కనిపించేది అడగండి. "స్క్రీన్ మీద మూడు చుక్కలు ఎక్కడున్నాయమ్మా, పైనా కిందా?" అనేది నేను ముందు వేసే ప్రశ్న. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ అయితే మామూలుగా పైన కుడి మూలలో నిలువుగా మూడు చుక్కలు ఉంటాయి. కింద కుడివైపు మూడు గీతలు ఉన్నాయంటే శాంసంగ్ ఫోన్‌తో వచ్చే బ్రౌజర్ కావచ్చు. ఐఫోన్‌లో క్రోమ్ అయితే చుక్కలు మామూలుగా కిందివైపు ఉంటాయి. ఇవన్నీ వెర్షన్‌తో, సెట్టింగ్‌తో మారేవే కాబట్టి ఒక్క గుర్తుతో తీర్పు ఇవ్వొద్దు.

రెండో ప్రశ్న: "మా లింక్ మీకు ఎక్కడ దొరికింది? దేని మీద నొక్కితే ఈ పేజీ వచ్చింది?" ఇది చిన్న ప్రశ్నలా అనిపిస్తుంది కానీ సగం సమస్యలు దీంతోనే బయటపడతాయి. ఫేస్‌బుక్ పోస్ట్ మీద నొక్కితే పేజీ చాలాసార్లు ఆ యాప్ లోపలే తెరుచుకుంటుంది. మనిషికి మాత్రం తాను వేరే బ్రౌజర్‌లో ఉన్నట్టే ఉంటుంది.

మూడోది అడగక్కర్లేదు, వినాలి. వెనకాల ప్రింటర్ చప్పుడు, "నెక్స్ట్ ఎవరండీ" అనే గొంతు వినిపిస్తే ఆమె నెట్ సెంటర్‌లో ఉండొచ్చు. "అన్నయ్య చూస్తున్నాడు" అంటే ఫోన్ ఆమె చేతిలో, పేజీ ఇంకెవరి ముందో ఉండొచ్చు. ఇలాంటివి ఏ హెడర్‌లోనూ రావు. కానీ ఇవి అంచనాలే. నెట్ సెంటర్‌లో నిలబడి తన సొంత ఫోన్‌లోనే అప్లికేషన్ నింపేవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

2. నోట్స్‌లో మూడు లైన్లు వేరుగా రాయండి

మా దగ్గర ప్రతి కాల్‌కూ రాసుకునే టికెట్‌లో మూడు లైన్లు ఉంటాయి: "చెప్పింది", "లాగ్‌లో ఉంది", "నా ఊహ". మొదటి లైన్‌లో కాలర్ మాటలు ఉన్నవి ఉన్నట్టే రాస్తాం. "గూగుల్‌లో ఓపెన్ చేశా" అంటే అదే రాయాలి, దాన్ని సర్దకూడదు. "క్రోమ్ అయి ఉండొచ్చు, చుక్కలు పైన కుడివైపు ఉన్నాయన్నారు" అనేది మూడో లైన్‌లోకి వెళ్తుంది. ఊహ పక్కన దానికి కారణం కూడా ఉండాలి.

కాల్‌లో ఉండగా ఇంత రాయడం మొదట్లో చికాకుగానే ఉంటుంది. అయితే ఆ టికెట్ సాయంత్రం డెవలపర్ దగ్గరికి వెళ్లినప్పుడు "క్రోమ్" అని ఒక్క మాటే ఉంటే, అది కాలర్ అన్న మాటో, మీరు లాగ్‌లో చదివిందో, మీ అంచనానో అతనికి తెలియదు. అతను దాన్ని నిజమనుకుని క్రోమ్‌లో మాత్రమే పరీక్ష చేసి "నాకు బాగానే వస్తోంది" అని టికెట్ మూసేస్తాడు.

3. లాగ్‌లో ఆమె లైనే పట్టుకోండి

హెడర్ చదవడం తేలికే. సరైన మనిషి హెడర్ చదవడమే కష్టం. అప్లికేషన్ల చివరి రోజున ఒకే నిమిషంలో వందల లైన్లు పడతాయి. ఐపీ అడ్రస్‌తో పట్టుకుందామంటే మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు. అదే మనిషి వైఫై నుంచి మొబైల్ డేటాకు మారితే ఐపీయే మారిపోతుంది.

నమ్మకమైన దారి ఒకటే ఉంది. కాల్‌లో ఉండగానే ఆమెకు ఒక నంబర్ ఇచ్చి, అదే బ్రౌజర్‌లో మీ సైట్ అడ్రస్ చివర దాన్ని కలిపి తెరవమనండి. `/help?c=4172` లాంటిది చాలు. ఆ అడ్రస్‌ను మెసేజ్‌లో పంపకండి, చదివి వినిపించండి. మెసేజ్‌లోని లింక్ మీద నొక్కితే అది ఇంకో బ్రౌజర్‌లో తెరుచుకోవచ్చు, అప్పుడు మీరు చదివేది సమస్య ఉన్న బ్రౌజర్ గురించి కాదు. మీ వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎన్‌జిన్‌ఎక్స్ అయితే తర్వాత సర్వర్‌లో ఇలా వెతకండి:

```
grep 'help?c=4172' /var/log/nginx/access.log
```

ఆమెను అలా తెరవమనే ముందే సంగతి చెప్పండి: "దీంతో మీ ఫోన్ రకం, బ్రౌజర్ రకం మాకు కనిపిస్తాయమ్మా, పరవాలేదా?" అని. ఇది మర్యాద కోసం చెప్పే మాట మాత్రమే కాదు. అవతలి మనిషి తాను చెప్పకుండానే మనకు ఏం తెలుస్తోందో ఆమెకు తెలియాలి. ఏమీ చెప్పకుండా "మీరు ఫలానా ఫోన్ వాడుతున్నారు కదా" అంటే భయపడిపోయి ఫోన్ పెట్టేసినవాళ్లు ఉన్నారు.

నంబర్ ఇవ్వడం కుదరక టైమ్‌ను బట్టి వెతకాల్సి వస్తే ఒక జాగ్రత్త ఉంది. చాలా సర్వర్లు యూటీసీ టైమ్‌లో లాగ్ రాస్తాయి. మన టైమ్ దానికి ఐదున్నర గంటలు ముందుంటుంది. సాయంత్రం 4:12కు జరిగింది లాగ్‌లో 10:42 దగ్గర ఉంటుంది. లైన్‌లో టైమ్ పక్కన `+0000` ఉందా, `+0530` ఉందా అని ముందు చూసుకోండి.

4. User-Agent చదవండి, కానీ అది చెప్పలేనివి తెలుసుకుని చదవండి

బ్రౌజర్ ప్రతి రిక్వెస్ట్‌తోపాటు పంపే `User-Agent` అనే హెడర్‌లోనే మనకు కావలసినది ఎక్కువగా ఉంటుంది. మొదట ఉండే `Mozilla/5.0` చూసి కంగారు పడకండి. పాత నెట్‌స్కేప్ బ్రౌజర్ రోజుల నుంచి మిగిలిపోయిన అలవాటు అది, దాదాపు అన్ని బ్రౌజర్లూ అలాగే పంపుతాయి. క్రోమ్ లైన్‌లో `Safari` అనే మాట కూడా ఉంటుంది, దాన్ని చూసి సఫారీ అనుకోవద్దు. కంప్యూటర్‌లో ఎడ్జ్ అయితే చివర `Edg/` ఉంటుంది, శాంసంగ్ బ్రౌజర్‌కు `SamsungBrowser/`, ఐఫోన్‌లో క్రోమ్‌కు `CriOS/` ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో ఏదైనా యాప్ లోపల పేజీ తెరిస్తే మామూలుగా `; wv` కనిపిస్తుంది. ఫేస్‌బుక్ యాప్ అయితే `FBAV/` కూడా ఉంటుంది.

ఇక అది చెప్పలేనివి. వీటి దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

ఆండ్రాయిడ్ క్రోమ్ 2023 నుంచి ఫోన్ మోడల్‌నీ, అసలు ఆండ్రాయిడ్ వెర్షన్‌నీ ఈ హెడర్‌లో చెప్పడం మానేసింది. మనుషుల్ని వెంబడించడానికి ఆ వివరాలు ఉపయోగపడుతున్నాయని తగ్గించారు. ఇప్పుడు ఏ ఫోన్ అయినా `Android 10; K` అనే వస్తుంది. నా పక్క సీటులో పనిచేసిన ఒకతను అది చదివి "మీది పాత ఫోనండీ, ఆండ్రాయిడ్ 10, అందుకే రావట్లేదు" అని చాలామందికి చెప్పాడు. వాళ్లలో ఒకాయన కూతురి అప్లికేషన్ కోసం కొత్త ఫోన్ కొనడానికి డబ్బు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఆయన ఫోన్‌లో ఏ లోపమూ లేదు. అసలు వెర్షన్ కావాలంటే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి చదవమనాలి. అంటే ఈ ఒక్క సంగతిలో హెడర్ కన్నా మనిషి మాటే నమ్మదగినది.

విండోస్ కూడా అంతే. విండోస్ 10 అయినా 11 అయినా హెడర్‌లో `Windows NT 10.0` అనే ఉంటుంది. తేడా కావాలంటే "కింద స్టార్ట్ బటన్ మధ్యలో ఉందా, ఎడమ చివర ఉందా?" అని అడగండి. మధ్యలో ఉంటే 11 అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే 11 మొదటి నుంచీ అక్కడే పెడుతుంది. ఎడమన ఉంటే మాత్రం ఏమీ తేలదు, దాన్ని అటు జరుపుకోవచ్చు కదా. ఐప్యాడ్ అయితే 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి సఫారీ తనను తాను మ్యాక్ కంప్యూటర్ అనే చెప్పుకుంటోంది. లాగ్‌లో `Macintosh` ఉండి, మనిషి "ట్యాబ్ అండీ" అంటే మనిషినే నమ్మండి.

భాష గురించిన `Accept-Language` హెడర్ గురించి ఒక్క మాట. అందులో `te-IN` మొదట ఉంటే ఆమె బ్రౌజర్ మెనూలు తెలుగులో ఉండే అవకాశం ఉంది. అప్పుడు ఇంగ్లిష్ మెనూ పేర్లు చెప్పి తికమక పెట్టకుండా, పైనుంచి ఎన్నో లైన్ ఏదో చెప్పొచ్చు. అంతకుమించి అందులో ఏమీ వెతకొద్దు. గుంటూరులో కొన్న ఫోన్ నుంచి `en-US` రావచ్చు, డల్లాస్‌లో ఉన్న తెలుగు కుటుంబం ఫోన్ నుంచి `te-IN` రావచ్చు. అది భాష ఎంపిక, ఊరు కాదు. ఈ హెడర్ ఎన్‌జిన్‌ఎక్స్ మామూలు లాగ్‌లో పడదు. కావాలంటే `log_format`లో `$http_accept_language` చేర్చుకోవాలి.

5. రెండూ పొసగకపోతే అక్కడే ఆగండి

మొదట చెప్పిన అమ్మాయి సంగతికి వస్తాను. ఆమె చెప్పింది: ఫోన్, "గూగుల్", చుక్కలు పైన కుడివైపు, నెక్స్ట్ బటన్ లేదు. నంబర్ ఇచ్చి తెరవమన్నాను. ఐపీ, మరికొన్ని వివరాలు తీసేసి చూపిస్తే లాగ్‌లో పడిన లైన్ ఇలాంటిది:

```
[12/Jun/2025:10:42:07 +0000] "GET /help?c=4172 HTTP/2.0" 200
"Mozilla/5.0 (X11; Linux x86_64) AppleWebKit/537.36
(KHTML, like Gecko) Chrome/137.0.0.0 Safari/537.36"
```

ఇందులో `Android` లేదు, `Mobile` లేదు. లైనక్స్ కంప్యూటర్‌లో క్రోమ్ అని చెబుతోంది. వెనకాల జనం మాటలు కూడా వినిపిస్తున్నాయి. దాంతో ఆమె నెట్ సెంటర్‌లో ఉందని, అక్కడి కంప్యూటర్‌నే ఏదో పొరపాటున "ఫోన్" అంటోందని నేను నిర్ణయానికి వచ్చేశాను. "కంట్రోల్ పట్టుకుని మైనస్ నొక్కమ్మా, పేజీ చిన్నదవుతుంది" అన్నాను. "కంట్రోల్ అంటే ఎక్కడుంది సార్?" అంది. కీబోర్డ్‌లో కింద ఎడమ మూల చూడమన్నాను. తన ఫోన్ కీబోర్డ్‌లో వెతికి వెతికి, చివరికి "నాకు రాదులెండి సార్" అంది, ఏడుపు గొంతుతో. ఆమెకు రాకపోవడం కాదు, లేని కీ వెతకమన్నది నేను. లైన్‌లో ఉన్నది మెషిన్ చెప్పిన మాట కాబట్టి అదే నిజమనుకున్నాను. ఆమె మొదటి నుంచీ సరిగ్గానే చెబుతోంది.

అసలు జరిగింది ఇది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మూడు చుక్కల మెనూలో `Desktop site` అనే ఆప్షన్ ఉంటుంది. అప్లికేషన్లు నింపేటప్పుడు దాన్ని టిక్ చేసుకోమని వీడియోల్లో చెబుతుంటారు, అందుకే మన విద్యార్థుల్లో చాలామంది ఫోన్లలో అది ఆన్‌లోనే ఉంటుంది. టిక్ చేస్తే క్రోమ్ సర్వర్‌తో తాను లైనక్స్ కంప్యూటర్‌నని చెబుతుంది. పేజీ కూడా వెడల్పుగా తయారవుతుంది. మా పేజీలో ఆ వెడల్పుకు నెక్స్ట్ బటన్ కుడి అంచుకు జరిగిపోయి, ఫోన్ స్క్రీన్ దాటి అవతల ఉంది. ఆమెకు కనిపించకపోవడం నిజమే. లాగ్‌లో పడిన లైనూ ఆ బ్రౌజర్ నిజంగా పంపిందే.

నేను చేయాల్సింది ఒక్కటే. "ఫోన్ అంటోంది, లాగ్ కంప్యూటర్ అంటోంది, ఈ రెండూ ఒకేసారి నిజం కావాలంటే ఏం జరిగి ఉండాలి?" అని ఆగి నన్ను నేనే ప్రశ్నించుకోవాలి. అలా అడిగితే దారులు మూడే: `Desktop site` టిక్ అయి ఉండాలి, లేదా సమస్య ఒక మెషిన్‌లో ఉండగా నంబర్ ఇంకో మెషిన్‌లో తెరిచి ఉండాలి, లేదా నేను ఇంకెవరిదో లైన్ చదువుతుండాలి. నంబర్ 4172 అందులోనే ఉంది కాబట్టి మూడోది పోయింది. "ఆ నంబర్ ఏ స్క్రీన్ మీద కొట్టావమ్మా?" అని అడిగితే రెండోది తేలిపోయేది. మిగిలింది మొదటిది, దానికి "చుక్కల మీద నొక్కి కిందికి జరుపు, డెస్క్‌టాప్ సైట్ పక్కన టిక్ ఉందా?" అన్న ప్రశ్న చాలు. మరుసటి రోజు ఉదయం ఆమెకు నేనే ఫోన్ చేసి ఇదే అడిగాను. టిక్ ఉంది. తీసేయగానే బటన్ వచ్చింది. ఆ రోజే చివరి తేదీ.

అప్పటి నుంచి లాగ్‌లో `X11; Linux x86_64` కనిపిస్తే నేను మొదట అడిగేది డెస్క్‌టాప్ సైట్ గురించే. మన దగ్గర ఇళ్లలో లైనక్స్ కంప్యూటర్లు వాడి అప్లికేషన్ నింపేవాళ్లు తక్కువ.

ఇంకో కాల్‌లో దీనికి వ్యతిరేకంగా జరిగింది. ఒకాయన "క్రోమ్‌లోనే ఉన్నానండీ, ఫొటో అప్‌లోడ్ నొక్కితే ఏమీ రావట్లేదు" అని గట్టిగా చెప్పారు. లాగ్‌లో `; wv`, `FBAV/` రెండూ ఉన్నాయి. ఆయన ఫేస్‌బుక్ యాప్ లోపల ఉన్నారు. అయినా "మీరు క్రోమ్‌లో లేరు" అని అనలేదు. "పేజీ పైన ఎడమవైపు ఇంటూ గుర్తు ఏమైనా ఉందా సార్? అది నొక్కితే ఎక్కడికి వెళ్తున్నారు?" అన్నాను. నొక్కారు, ఫేస్‌బుక్‌లోకి వచ్చారు, సంగతి ఆయనకే అర్థమైంది. తర్వాత అడ్రస్ కాపీ చేసి క్రోమ్ తెరిచి అతికించమంటే అప్‌లోడ్ అయిపోయింది. హెడర్‌లో చదివిన సంగతిని కాలర్‌కు తీర్పులా చెప్పకండి, ఆయన కళ్లతో చూసుకునే ప్రశ్నగా మార్చి అడగండి. మీరు చదివింది తప్పయితే ఆ ప్రశ్నతోనే బయటపడుతుంది కూడా.

6. పని అయ్యాక టికెట్‌లో ఏం మిగలాలి

ఆ అమ్మాయి టికెట్ చివరికి ఇలా ఉంది. చెప్పింది: "ఫోన్‌లో, గూగుల్‌లో, నెక్స్ట్ బటన్ లేదు." లాగ్‌లో ఉంది: క్రోమ్ 137, లైనక్స్, మొబైల్ గుర్తు లేదు. నా ఊహ: మొదట నెట్ సెంటర్ కంప్యూటర్ అనుకున్నాను, తప్పు, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో డెస్క్‌టాప్ సైట్ ఆన్, కాలర్ చూసి ఖాయం చేసింది. తప్పు ఊహను చెరిపేయలేదు. ఆ లైన్ చదివే డెవలపర్ తన లాప్‌టాప్‌లోనే పరీక్ష చేసి ఊరుకోకుండా, ఫోన్ తీసుకుని డెస్క్‌టాప్ సైట్ టిక్ చేసి చూశాడు. రెండు రోజుల్లో బటన్‌ను ఎడమవైపుకు మార్చారు.

ఐపీ అడ్రస్‌ను మాత్రం టికెట్‌లోకి ఎక్కించలేదు. సర్వర్ లాగులను 180 రోజులు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది కాబట్టి అది లాగ్‌లో ఎలాగూ ఉంటుంది. బటన్ ఎక్కడికి పోయిందో తెలుసుకోవడానికి దానితో పనిలేదు.